నాలుగు బోల్టులు

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ తలుపు తీసి డ్రమ్ముని ఎప్పుడైనా చేత్తో కిందికి నొక్కి చూశారా? మెత్తగా దిగి, మళ్ళీ పైకొస్తుంది. లూజైపోయి కాదు, అలా ఊగాలనే కట్టారు. డ్రమ్ము ఒక టబ్‌లో తిరుగుతుంది. ఆ టబ్ పైన స్ప్రింగులకు వేలాడుతూ, కింద డ్యాంపర్ల మీద ఆని ఉంటుంది. బరువు కోసం దానికి కాంక్రీటు దిమ్మ కూడా బిగిస్తారు. ఇంత సరుకుని అలాగే వేలాడదీసి లారీలో గతుకుల మీద తెస్తే, టబ్ బయటి డబ్బాకి కొట్టుకుని ఇంటికి చేరేసరికి స్ప్రింగులు ఊడిపోవచ్చు. అందుకే ఫ్యాక్టరీలో వెనక వైపు నుంచి మూడో నాలుగో పొడుగాటి బోల్టులు దింపి, టబ్‌ని డబ్బాకి కదలకుండా బిగించేస్తారు. వీటినే ట్రాన్సిట్ బోల్టులు అంటారు. మెషిన్ నడిపే ముందు తీసెయ్యాలి.

మా పిన్ని వాళ్ళింట్లో తియ్యలేదు. డెలివరీ కుర్రాళ్ళు దించి వెళ్ళిపోయారు, ఫిట్టింగ్ మనిషి రెండు రోజులాగి వస్తానన్నాడు. ఇంట్లో బట్టలు కుప్పపడి ఉన్నాయి. బాబాయే పైపు బిగించి ఆన్ చేశాడు. ముప్పావు గంట తర్వాత నాకు ఫోన్.

"ఒరేయ్, నువ్వు మెకానికలే కదా! మెషిన్ గోడ దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చేస్తోందిరా. మీ బాబాయి పట్టుకుని నిలబడ్డారు."

"పట్టుకోవద్దని చెప్పు పిన్నీ. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపెయ్యి."

ఆపింది. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం బంగారం లాంటిది: "ఇందాకటి దాకా చక్కగా ఉతికిందిగా, ఇప్పుడేమొచ్చింది?"

జవాబు మన సెకండియర్ సూత్రంలోనే ఉంది.

```
F = m r ω²
```

తడి బట్టలు ఒక పక్కకి చేరి అరకేజీ తేడా వచ్చిందనుకుందాం. డ్రమ్ము వ్యాసార్ధం 24 సెంటీమీటర్లు. ఉతికేటప్పుడు నిమిషానికి 50 చుట్లు తిరిగితే ఆ అరకేజీ లాగే బలం మూడు న్యూటన్ల పైచిలుకు, అంటే చేతిలో రెండు మామిడికాయలు పట్టుకున్నంత. బోల్టులున్నా లేకపోయినా తేడా తెలీదు. స్పిన్‌లో 1200 చుట్లకి వెళ్తే వేగం 24 రెట్లు, బలం 576 రెట్లు. దాదాపు 1900 న్యూటన్లు! మెషిన్ మొత్తం బరువు 70 కేజీలనుకుంటే, దానికి రెండున్నర రెట్లు మించిన బలం సెకనుకి 20 సార్లు అన్ని దిక్కులకీ తిరుగుతూ లాగుతుంది. పైకి లాగినప్పుడల్లా కాళ్ళు నేల వదులుతాయి, పక్కకి లాగినప్పుడు జరుగుతాయి. అదే నడక.

బోల్టులు తీసేస్తే ఈ బలం మాయమవదు. స్ప్రింగుల మీద టబ్ సహజంగా ఊగే వేగం సెకనుకి సుమారు 3 సార్లు అనుకోండి. 20 సార్లు లాగుతుంటే అంత బరువు టబ్ ఆ వేగాన్ని అందుకోలేక కొద్దిగా వణుకుతుంది, అంతే. లెక్క ప్రకారం డబ్బాకి చేరేది నలభయ్యో వంతు. డ్యాంపర్ల వల్ల నిజంలో కొంత పెరుగుతుంది, అయినా పైన పెట్టిన కాఫీ గ్లాసు కదిలి పడిపోయేంత కాదు.

మర్నాడు ఆదివారం, నేనే వెళ్ళాను. ప్లగ్ పీకి, మెషిన్‌తో వచ్చిన పానాతో నాలుగు బోల్టులూ వదులు చేశాం. పూర్తిగా విప్పేస్తే బోల్టు ఒక్కటే వచ్చి, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గొట్టం లోపలే ఉండిపోతుంది. వదులయ్యాక బోల్టుని పట్టుకుని పక్కకి, కన్నం వెడల్పుగా ఉన్న వైపు జరిపి గొట్టంతో సహా లాగాలి. నాలుగు బోల్టులు, నాలుగు గొట్టాలు లెక్కపెట్టుకున్నాం. కన్నాలకి మూతలు బిగించాం. అవి అలంకారం కాదు, మన ఇళ్ళలో ఎలుకకి వైర్లు దొరకడానికి ఆ కన్నం చాలు.

తర్వాత అసలు భయం. డ్రమ్ముని చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాం. గరగరమంటే బేరింగ్ దెబ్బతిన్నట్టు. శబ్దం లేదు. ఖాళీగా నీళ్ళు నింపి నడిపి కింద పేపర్ పరిచాం. తడిస్తే, బోల్టు పట్టిన చోట టబ్ పగిలిందేమో చూడాలి. పొడిగానే ఉంది. వెనక రేకు కన్నాల దగ్గర కొంచెం వంగింది, రెండు టైల్స్ గీసుకుపోయాయి. స్పిన్ మొదలైన కాసేపటికే ఆపడం వల్ల బతికిపోయింది. బోల్టులతో నడిపిన నష్టం వారంటీలోకి రాదని మాన్యువల్‌లో ఉంది, పిన్ని దాన్ని అప్పుడే చదివింది.

అన్నట్టు, టాప్ లోడ్ మెషిన్లకి సాధారణంగా ఈ బోల్టులుండవు, టబ్ కదలకుండా పెట్టిన థర్మాకోల్ దిమ్మలు తీస్తే చాలు.

తీసినవన్నీ ఒక కవర్లో వేసి మాన్యువల్‌కి రబ్బరు బ్యాండుతో కట్టాను. పిన్ని వాళ్ళది అద్దిల్లు. ఇల్లు మారేటప్పుడు మళ్ళీ బిగించాలి, పక్కింటి వాళ్ళవి అడిగి తెచ్చుకుందామంటే మోడల్ మారితే పొడవూ మారుతుంది.