రిఫరల్ అడిగే పద్ధతి

"ఎక్కడైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అని తెలిసినవాళ్లందరికీ ఒక్క వాక్యం పెట్టడం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వేటలో తరచూ కనిపించే అలవాటు. చదివినవారికి సాయం చేసే మనసున్నా, ఆ వాక్యంతో చేయగలిగింది ఏమీ ఉండదు. రిఫర్ చేసే ఉద్యోగి తన కంపెనీ పోర్టల్ తెరిచి, ఖాళీల్లో వెతికి, ఒక జాబ్ ఐడీకి రెజ్యూమె జత చేయాలి. ఏ పని, ఎన్నేళ్ల అనుభవం, ఏ ఊరు అన్నవి తెలియనిదే ఆ వెతుకులాట మొదలే కాదు.

పైగా ఉద్యోగం తెచ్చిపెట్టేది దగ్గరివాళ్లే అనుకోవడానికి లేదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఆ పరిచయస్థుణ్ని తరచూ కలిసేవారు సుమారు ఆరో వంతే. దూరపు పరిచయస్థుడికి అడిగేవారి పనితనం తెలియదు. అందుకే అతను చెప్పవలసిన మాటలన్నీ పోస్టులోనే ఉండాలి.

ఉదాహరణకు, హైదరాబాదులో నాలుగేళ్లుగా టెస్టింగ్ చేస్తున్న ఒకామె ఇలా రాయవచ్చు: "ఆటొమేషన్ టెస్టర్ లేదా క్యూఏ ఇంజినీర్ ఉద్యోగం చూస్తున్నాను. నాలుగేళ్ల అనుభవం, బీమా ప్రాజెక్టులు. జావాతో సెలీనియం, పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐ టెస్టింగ్ రోజూ చేసే పని. మాన్యువల్‌గా రెండు రోజులు పట్టే రిగ్రెషన్‌ను ఒక్క రాత్రిలో నడిచేలా మార్చాను. హైదరాబాదు లేదా పుణె. నోటీసు పీరియడ్ 60 రోజులు."

ఒకే పనికి ఒక్కో కంపెనీలో ఒక్కో పేరు గనుక ఇక్కడ రెండు పేర్లున్నాయి. నైపుణ్యాలు మాత్రం ఇంటర్వ్యూలో నిలబడేవే ఉన్నాయి. పదిహేను టూల్స్ వరుసగా రాస్తే ఏది నిజంగా వచ్చో చదివేవారికి తేలదు. రిగ్రెషన్ వాక్యం రిఫర్ చేసే వ్యక్తి యథాతథంగా ముందుకు పంపగల రుజువు. నోటీసు పీరియడ్ ఎలాగూ హెచ్‌ఆర్ మొదట్లోనే అడిగే ప్రశ్న.

చాలామందిని దెబ్బతీసే తొందరపాటు ఇంకొకటి ఉంది. ముందే కంపెనీ సైట్‌లో అప్లై చేసి, ఆ తర్వాత రిఫరల్ అడుగుతారు. అభ్యర్థి వివరాలు అప్పటికే డేటాబేస్‌లో ఉంటే చాలా కంపెనీలు కొన్ని నెలలపాటు రిఫరల్‌ను లెక్కలోకి తీసుకోవు. కెరీర్స్ పేజీలో జాబ్ ఐడీ చూసుకుని, అప్లై చేయకుండా, ముందు దాన్ని పరిచయస్థుడికి పంపడమే సరైన వరుస.

పోస్టు పనిచేసిందో లేదో జవాబులే చెబుతాయి. "రెజ్యూమె పంపండి" అన్న తర్వాత అందరూ మౌనంగా ఉంటే పోస్టులో స్పష్టత లోపించి ఉండవచ్చు. "ఈ ఐడీ మీకు సరిపోతుందా?" అని అడిగితే పోస్టు పనిచేసినట్టే. రిఫరల్ రెజ్యూమెను చదివించగలదు, ఇంటర్వ్యూ నెగ్గించలేదు. సాయం అడిగేవారు అవతలివారి వెతుకులాటను సగమైనా ముందే చేసి అడగాలి.