చప్పుడు చేయని పెట్టె

ఇల్లు మారాక గాజు సామాను పగిలి కనిపిస్తే ఎవరైనా దారిలోని గుంతల్ని తిడతారు, లేదంటే హమాలీల తొందరను తప్పుపడతారు. నేను మాత్రం ముందు పెట్టెను చూస్తాను. చాలాసార్లు పగలడానికి కారణం బండి కదలకముందే అందులో ఉంటుంది. ఆ కారణం ఖాళీ. వస్తువు కదలడానికి చోటుంటే ప్రతి కుదుపుకూ పక్కదాన్ని గుద్దుకుంటుంది. చోటు లేకపోతే కుదుపంతా చుట్టూ కూరిన గుడ్డా కాగితమూ భరిస్తాయి.

ఈ సంగతి నాకు ఒంటబట్టింది హైదరాబాదులో మలక్‌పేట నుంచి నిజాంపేటకు మారినప్పుడు. డీసీఎంతో వచ్చిన హమాలీల మేస్త్రీ ఒక పెట్టెను ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. "అమ్మా, లోపల చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చిందంటే ఇంకా సర్దాల్సింది ఉన్నట్టే" అన్నాడు. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. టేపు వేసే ముందు ప్రతి పెట్టెనూ అలా ఊపి చూడాలి.

వంటింటి సామానుకు ఈ పరీక్ష మరీ అవసరం. పెట్టె అడుగు అతుకు మీద టేపు ఒక్క వరస చాలదు. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వేసి, కొసలు పక్కల మీదికి తీసుకురావాలి. తర్వాత పాత టవళ్లో, నలిపిన కాగితాలో నాలుగు వేళ్ల మందాన పరవాలి. పింగాణీ ప్లేట్లను ఒకదాని మీద ఒకటి బోర్లించి పేర్చడం మనకు అలవాటు. అల్మరాలో అది బాగానే ఉంటుంది. బండిలో మాత్రం కుదుపు వచ్చినప్పుడల్లా పై ప్లేట్ల బరువంతా అడుగు ప్లేటు మీద పడుతుంది. అందుకే ఒక్కో ప్లేటునూ విడిగా చుట్టి, అంచు మీద నిలబెట్టి, పక్కపక్కన బిగించాలి. గ్లాసులకు బయట చుట్టే ముందు లోపల కూరాలి. కప్పుల్లో ముందు విరిగేది పిడి, కాబట్టి దానికి విడిగా ఒక మడత చుట్టాలి. వార్తాపత్రికల సిరా తెల్ల పింగాణీకి అంటుకుంటుంది. లోపలి పొరకు తెల్లకాగితమో పాత నూలు చీర ముక్కో వాడి, పత్రికల్ని పైన చుట్టడం మంచిది. స్టీలు గిన్నెల్ని గాజుతో ఒకే పెట్టెలో కలపకూడదు.

పుస్తకాలది వేరే బాధ. అవి పగలవు, పెట్టెనే చింపుతాయి. పెద్ద పెట్టె దొరికింది కదా అని నిండా పుస్తకాలు వేస్తే ఎత్తగానే అడుగు ఊడుతుంది. పుస్తకాలకు చిన్న పెట్టెలు, దిండ్లకూ దుప్పట్లకూ పెద్ద పెట్టెలు. ఒక మనిషి నడుం వంచి ఇబ్బంది లేకుండా ఎత్తగలిగేంత, అంటే 15 కిలోల దగ్గర ఆపేస్తే పెట్టెకూ మనిషికీ మంచిది.

మన ఇళ్లలో అట్టపెట్టెలో ఇమడనివి కొన్నుంటాయి. ఆవకాయ జాడీకి వాసెన కడితే దుమ్ము పడదు గానీ, జాడీ ఒరిగితే నూనె ఆగదు. మూతి మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి దారంతో బిగించి, దాని మీద గుడ్డ కట్టి, జాడీని బకెట్లో నిలబెట్టి, చుట్టూ టవళ్లు కూరాలి. బకెట్‌కు పిడి ఉంది కాబట్టి మోసేవాళ్లకు తేలిక. వెట్ గ్రైండర్‌లోని రాళ్లను తీసి విడిగా చుట్టాలి. లోపలే వదిలేస్తే దారి పొడుగునా అవి గిన్నెను కొడుతూనే ఉంటాయి. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు కొన్నప్పుడు వెనకవైపు తీసి ఇచ్చిన పొడుగాటి బోల్టులు ఎక్కడో దాచి ఉంటారు. లోపలి డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి అవే. మారే ముందు వాటిని వెతికి బిగించాలి, కొత్తింట్లో నడిపే ముందు మరిచిపోకుండా తీసెయ్యాలి. ఫ్రిజ్‌ను ముందురోజే ఖాళీ చేసి, మంచు కరిగించి, తుడిచి, నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. తప్పనిసరై పడుకోబెట్టి తెస్తే, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వెయ్యాలి.

పగలకుండా చేరితే సగం పని అయినట్టు. మిగతా సగం గందరగోళం లేకుండా దింపుకోవడం. పెట్టె మీద పేరు పైన రాస్తే, దాని మీద ఇంకో పెట్టె పడగానే కనబడదు. రెండు పక్కల రాయాలి. అదీ ఇప్పుడున్న గది పేరు కాదు, కొత్తింట్లో చేరాల్సిన గది పేరు. నగరంలో సామాను మోసేవాళ్లలో బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మన తెలుగు రాత వాళ్లు చదవలేరు. అందుకని మేం గదికో రంగు టేపు పెట్టుకున్నాం. వంటింటికి ఎరుపు, పడకగదికి నీలం, హాలుకు పసుపు. అదే రంగు ముక్క కొత్తింట్లో ఆ గది గుమ్మానికి అంటించాం. రంగు చూసి రంగు దగ్గర దింపారు, ఎవరూ ఎవర్నీ కేకెయ్యాల్సిన పని లేకపోయింది. పెట్టెలకు వరస అంకెలు వేసి, ఏ అంకెలో ఏముందో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. బండి ఖాళీ అయ్యాక ఆ అంకెలు సరిచూసుకుని, తర్వాతే కిరాయి ఇచ్చాం.

బండి ఎక్కించేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటే, చివర ఎక్కింది ముందు దిగుతుంది. ఫ్రిజ్, బీరువా, వాషింగ్ మెషీన్ లాంటి బరువైనవి కేబిన్ వైపు నిలబెట్టి తాళ్లతో కట్టాలి. బీరువాను ఖాళీ చేసి, తాళం వేసి, తాళంచెవి మన దగ్గరే ఉంచుకోవాలి. పరుపుల్ని అద్దానికీ టీవీకీ పక్కన ఆనిస్తే అవే రక్షణ. అన్నిటికంటే చివర ఎక్కాల్సింది మొదటి రోజు పెట్టె. స్టవ్వు, లైటరు, పాలగిన్నె, టీపొడి, చక్కెర, కత్తెర, స్క్రూడ్రైవరు, ఒక బల్బు, సబ్బు, రెండు దుప్పట్లు, ఫోను చార్జర్లు అందులో ఉండాలి. మందులూ, నగలూ, కాగితాలూ బండి ఎక్కకూడదు, మన చేతి సంచిలోనే రావాలి.

ముహూర్తం చూసి, ముందు దేవుడి పటంతో వెళ్లి, దీపం పెట్టి పాలు పొంగించాకే సామాను చేర్చే ఆచారం మనది. భక్తి సంగతి అలా ఉంచినా, ఆ ఖాళీ ఇంట్లో గడిపే పూట చాలా పనికొస్తుంది. నీళ్లు ఎప్పుడు వదులుతారో వాచ్‌మన్‌ను అడగొచ్చు. లిఫ్టు తలుపునూ పడకగది గుమ్మాన్నీ టేపుతో కొలిచి, ఫ్రిజ్, బీరువా కొలతలతో సరిపోల్చుకోవచ్చు. పట్టకపోతే మెట్ల దారి చూసుకోవడానికి అప్పుడింకా సమయం ఉంటుంది. శూన్యమాసం ముగిసిన తొలి ముహూర్తాలకూ, నెలాఖరు ఆదివారాలకూ బండ్లు దొరకవు. వాటిని ముందుగానే మాట్లాడుకోవాలి.

దింపాక ముందు విప్పాల్సింది వంటిల్లు, తర్వాత పడకలు. పుస్తకాలు వారం ఆగినా ఏమీ కాదు. విప్పిన పెట్టెల టేపు కోసి, మడిచి సజ్జ మీద పెట్టుకోండి, బోల్టులు కవర్లో వేసి మెషీన్ వెనకే అంటించండి. అద్దె ఒప్పందం 11 నెలలకే రాసుకుంటాం. వాటితో మళ్లీ పని పడుతుంది.