పొడి జుట్టు, ఎనిమిది గంటలు, మళ్లీ శనివారం

ఇది పేల గురించి పోస్టు. నవ్వేవాళ్లు నవ్వండి, పర్లేదు. హాస్టల్లో ఉండి తల గోక్కోని వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మాది పాడేరు వైపు ఊరు. నేను వైజాగ్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా చెల్లి ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. దసరా సెలవులకి అది తలనిండా పేలతో వచ్చింది. చెవుల వెనక, మెడ దగ్గర గోకి గోకి ఎర్రగా అయిపోయింది. "ఇంకోసారి పేలు కనిపిస్తే జుట్టు కత్తిరించేస్తాం అన్నారక్కా" అని ఏడ్చింది. నాకు ఆరో తరగతిలో అలాగే కత్తిరించారు. ఆ ఏడాదంతా తలకి చున్నీ చుట్టుకుని తిరిగాను. అందుకే చెల్లి మాట విని ఊరుకోలేకపోయాను.

అమ్మ కిరసనాయిలు రాద్దామంది. నేను వద్దన్నాను. దానికి చర్మం కాలుతుంది, పొయ్యి దగ్గర నిప్పంటుకుంటే ప్రాణం మీదకొస్తుంది. మందుల షాపులో పేల లోషన్ కొన్నాను. డైమెథికోన్ మందు, చిన్న సీసా. ఇంటికొచ్చి చెల్లికి తలంటు పోసి, తడి జుట్టు మీదే రాశాను. సగం సీసా చెల్లికి, సగం అమ్మకి. జిడ్డుగా ఉందని ఇరవై నిమిషాలకే కడిగేశాం. మర్నాడు దువ్వితే పెద్ద పేలు పరుగెడుతున్నాయి. "డబ్బులు దండగ, ఈ మందు పనిచేయదు" అనేశాను.

తప్పు మందుది కాదు, నాది. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అదే మందు కొన్నప్పుడు, ఈసారి అట్టపెట్టె మీద రాసింది ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చదివాను. అక్షరాలు అంత చిన్నవి. అందులో నాలుగు మాటలున్నాయి: పొడి జుట్టుకి రాయాలి, ఎనిమిది గంటలు ఉంచాలి, ఆ తర్వాత షాంపూతో కడగాలి, ఏడు రోజుల తర్వాత మళ్లీ రాయాలి. దసరాకి నేను మొదటి రెండూ, చివరిదీ తప్పాను.

ఇది పేనుకి విషం పెట్టే మందు కాదు. జిగురులాంటి పొర. పేను ఒంటిని మొత్తం కమ్మేస్తేనే పేను చస్తుంది. జుట్టులో నీళ్లుంటే మందు పలచబడిపోతుంది, పొర సరిగా పట్టదు. అందుకే పొడి జుట్టు. మా చెల్లి తలకి నూనె ఎక్కువ. శుక్రవారం షాంపూతో తలంటు పోసి, శనివారం రాత్రికి పూర్తిగా ఆరనిచ్చాను.

జనవరి 10, శనివారం రాత్రి. అన్నం తిన్నాక చెల్లిని లైటు కింద కూర్చోబెట్టి, జుట్టు చిక్కు తీసి, పాయలు పాయలుగా విడదీశాను. ఒక్కో పాయకీ చర్మం దగ్గర మొదలుపెట్టి చివరిదాకా వేళ్లతో రాశాను. చెవుల వెనక, మెడ మీద రెండుసార్లు చూసుకున్నాను. జుట్టంతా తడిసినట్టు కనిపించాలి. చెల్లి జడ నడుము దాకా ఉంటుంది, దానికే ఒక సీసా మొత్తం అయిపోయింది. అమ్మ తలలోనూ పేలున్నాయి కాబట్టి ఆమెకి ఇంకో సీసా. నాన్న తల, నా తల దువ్వి చూశాం, ఏమీ లేవు, మాకు రాయలేదు. పేలున్న వాళ్లందరికీ ఒకే రాత్రి రాయాలి. లేకపోతే ఒకరి తలలోంచి ఇంకొకరికి ఎక్కేస్తాయి.

"ఏటే, రాత్రంతా ఇలాగే ఉండాలా?" అంది అమ్మ. ఉండాలి. తొమ్మిదికి రాశాం, అయిదు దాకా ఉంచాలి. అన్నిటికంటే నాకు భయం వేసింది మంట గురించి. ఈ మందుకి నిప్పంటుకుంటుందని పెట్టె మీదే రాసి ఉంది. సంక్రాంతి చలికి మా వైపు అందరూ పొయ్యి చుట్టూ కూర్చుంటారు. అమ్మనీ చెల్లినీ ఆ రాత్రి పొయ్యి ఉన్న గదిలోకి రానివ్వలేదు. రెండు దుప్పట్లు కప్పి పక్క గదిలో పడుకోబెట్టాను. తెల్లారి కూడా నీళ్లు నేను కాచాను, జుట్టు శుభ్రంగా కడిగాకే వాళ్లని పొయ్యి దగ్గరికి రానిచ్చాను.

కడిగాక తడి జుట్టుని పేల దువ్వెనతో దువ్వి, తెల్ల గుడ్డ మీద దులిపాను. పడినవన్నీ చచ్చినవే. ఒక్కటీ కదల్లేదు. మందు పనిచేసిందో లేదో తెలిసేది ఇక్కడే. మర్నాడు పెద్ద పేలు కదులుతుంటే, మందు చాలకో, జుట్టు తడిగా ఉండో, టైము సరిపోకో ఉంటుంది.

అయిదో రోజు చెల్లి కేకేసింది: "అక్కా, మళ్లీ వచ్చాయి!" చూస్తే సూదిమొనంత పిల్ల పేలు, రెండు. కంగారు పడలేదు, ఎందుకంటే ఇది ఉండేదే. మందుకి ఈపులు అన్నీ చావవు. కొన్ని ఊళ్లలో వీటిని ఈర్లు అంటారు. ఈపి పొదిగి పిల్ల బయటకి రావడానికి ఇంచుమించు వారం, పది రోజులు పడుతుంది. ఆ పిల్ల పెరిగి మళ్లీ ఈపులు పెట్టడానికి ఇంకో తొమ్మిది, పది రోజులు. అంటే మొదటిసారి తప్పించుకున్న ఈపులు చాలావరకు పొదిగి, పిల్లలు ఇంకా పెద్దవి కాకముందే రెండోసారి రాయాలి. ఆ వారం లెక్క అందుకే. మూడో రోజే రాస్తే ఇంకా పొదగని ఈపులు మిగిలిపోతాయి. నెల తర్వాత రాస్తే అప్పటికే అవి కొత్త ఈపులు పెట్టేసి ఉంటాయి.

17, శనివారం రాత్రి మళ్లీ అదే పని. అదే పొడి జుట్టు, అదే సీసా లెక్క, అదే ఎనిమిది గంటలు. ఆదివారం కడిగి దువ్వాం, కదిలేది ఒక్కటీ లేదు. జుట్టుకి తెల్ల చుక్కలు మాత్రం అంటుకుని ఉన్నాయి. అవి చర్మానికి దూరంగా ఉంటే ఖాళీ పెంకులు, వాటికి మందు అక్కర్లేదు. కానీ స్కూల్లో చూసేవాళ్లకి ఆ తేడా తెలియదు కదా. అందుకే చెల్లీ నేనూ కూర్చుని కనిపించిన ప్రతి పెంకునీ గోటితో లాగేశాం. రెండు గంటలు పట్టింది.

ఒకటి మర్చిపోకండి. అన్ని పేల మందులూ ఒకటి కాదు. పెర్మెత్రిన్ మందులు కొన్ని, కడిగి తుడిచిన జుట్టుకి రాసి పది నిమిషాలకే కడిగేయమంటాయి. మీ పెట్టె మీద ఏముందో అదే చేయండి. తలలో పుండ్లున్నా, రెండేళ్లలోపు పిల్లలకైనా, గర్భిణికైనా ముందు ఏఎన్ఎం అక్కనో డాక్టరునో అడగండి.

సోమవారం చెల్లి పొడుగు జడతోనే స్కూలుకి వెళ్లింది. సంచిలో సొంత పేల దువ్వెన పెట్టాను, వారానికోసారి దువ్వి చూసుకోమన్నాను. నెల తర్వాత ఫోన్ చేసింది: "అక్కా, నాకు లేవు. పక్క మంచం పిల్లకి ఉన్నాయి. ఆ పెట్టె ఫొటో ఉందన్నావు కదా, వాళ్లమ్మకి పంపు."

ఫొటో పంపాను. కింద మూడు మాటలు రాశాను, ఈ పోస్టుకి పైన పెట్టిన పేరు అదే.