ఎనిమిది బొమ్మల పులిహోర

పులిహోరకు ఎనిమిది బొమ్మలు వేస్తున్నాను. ఐదో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. మూడో బొమ్మలో పళ్లెంలో ఎండుమిరపకాయలు నాలుగే ఉన్నాయి. ఇక్కడ మూకుడులో ఆరు వేగుతున్నాయి. చూసి వండేవాళ్లు దేన్ని నమ్మాలి?

ఇలాంటి తేడాలు రాకూడదనే ఈసారి ఖాళీ వంటగదిని ముందే ఒక్కసారి గీసుకున్నాను: గట్టు, పొయ్యి, ఎడమవైపు కిటికీ. కింద దీపమున్న గాజుపలక మీద ఆ కాగితం పరిచి, ప్రతి బొమ్మకూ అవే గీతలు ఎత్తుకుంటాను. వెలుగు ఎడమ నుంచి వస్తోంది కాబట్టి మూకుడు నీడ ఎనిమిదింటిలోనూ కుడికే పడాలి. మూకుడు వెడల్పు మూడు పిడికిళ్లని పక్కన రాసుకున్నాను. లేకపోతే దగ్గరగా చూపే బొమ్మలో అది గుండిగంత అయిపోతుంది.

చేతులే కష్టం. అమ్మవి చూసి గీస్తున్నాను. ఎదురుగా కూర్చుని గీస్తే ఎడమచేతి ఉంగరం ఒక బొమ్మలో కుడిచేతికి వచ్చేసింది. వెనక నిలబడి ఆమె భుజం మీదుగా చూశాక కుదిరింది. వండేవాళ్లకు తమ చేతులు కనిపించేదీ అలాగే కదా.

మారాల్సినవి మారకపోయినా తప్పే. చింతపండు పులుసు మొదట పల్చగా ఉంటుంది. ఉడికేకొద్దీ మట్టం దిగి, రంగు ముదిరి, అంచున నూనె తేలుతుంది. ఆరో బొమ్మ చూసి అమ్మ, "నూనె ఇంకా తేలలేదురా, అప్పుడే దించేశావేం?" అంది.

అంచు చుట్టూ సన్నటి నూనె గీత వేశాను. దానికి పైన, పాత మట్టం దగ్గర ఎండిన పులుసు మరక కూడా.