టిక్కీ పక్కన నిలబడ్డ మనిషి

గుంటూరు మిర్చి యార్డు మీద కథ రాసే ప్రతివాడూ మొదటి వాక్యంలోనే ఎరుపు కుమ్మరిస్తాడు. కుమ్మరించనివ్వండి. చిక్కంతా రెండో వాక్యంతో మొదలవుతుంది. వేల టిక్కీలు, గేటు దాకా లారీలు అని అంత ఎత్తు నుంచి చూపించిన కథకుడు, ఆ వెంటనే "పెద్దమ్మాయి ఫీజు ఎట్లా కట్టేది భగవంతుడా" అన్నాడంటే పాఠకుడు తికమకపడతాడు. ఎవరి పెద్దమ్మాయి?

అమెరికన్ నవలాకారుడు జాన్ గార్డనర్ 1982లో పోయాక వెలువడిన 'ది ఆర్ట్ ఆఫ్ ఫిక్షన్'లో కథకుడికీ పాత్రకూ మధ్య ఉండే ఈ దూరాన్ని ఐదు మెట్లుగా చూపించాడు. మొదట ఎవరో ఒక మనిషి. తర్వాత పేరు, ఆ తర్వాత అయిష్టం, చివరికి చొక్కా కాలర్ లోపలికి దూరే మంచు. మన యార్డులో మంచు లేదు, ఘాటుంది. రాసి చూద్దాం.

"మార్చిలో యార్డు నిండిపోయింది. పర్చూరు వైపు నుంచి వచ్చిన రైతొకాయన తన టిక్కీల పక్కన నిలబడ్డాడు. కొట్ల ముందు పడిగాపులు సుబ్బారావుకు మొదటినుంచీ గిట్టవు. కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు. ముక్కు మండింది, తుమ్మొచ్చింది. అడుగుదాకా పోకురా నాయనా, తాలంతా అక్కడే ఉంది. 'తాలు కాయ ఎక్కువుంది బాబాయ్' అన్నాడు కొనేవాడు."

ఇందులో నాకు నచ్చింది తుమ్ము. అది బయటివాళ్లకూ కనిపిస్తుంది, సుబ్బారావు ముక్కులోనూ మండుతుంది. అందుకే దాన్ని పట్టుకుని లోపలికి దిగితే కుదుపుండదు. దిగాక "అనుకున్నాడు" అక్కర్లేదు. "పోకురా" అనే పిలుపు కథకుడిది కాదని పాఠకుడికి తెలిసిపోతుంది. కథకుడు అంత చనువు తీసుకోడు.

బయటికి రావడానికి కొనేవాడి మాట పనికొచ్చింది. అది అందరికీ వినపడేదే కనుక, అక్కణ్ణించి పక్క కొట్టు చూపించినా యార్డంతా చూపించినా చెల్లుతుంది. అదే ఆ తాలు మాటకు ముందు "ఎగుమతులు తగ్గడం వల్ల ధర పడిపోయింది" అని ఇరికిస్తే సుబ్బారావు మాయమై వార్తాపత్రిక మిగులుతుంది. కొనేవాడి మనసులోకి దూకితే ఇంకా నష్టం. అతని లెక్క తెలిసిపోయాక బేరంలో ఉత్కంఠ ఏముంటుంది?

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో చాలాసేపు సీతారామారావు బుర్రలోనే తిరుగుతాం కనుక అక్కడ ఈ దిగడం, ఎక్కడం తక్కువ. జనం కిక్కిరిసిన యార్డులో ఆ వెసులుబాటు లేదు.

మీ కథలో అలాంటి సన్నివేశం ఉంటే ఒక్కో వాక్యం పక్కన పెన్సిలుతో, అది ఎవరికి తెలిసిన సంగతో రాయండి. వరసగా రెండు వాక్యాల పక్కన రెండు పేర్లు పడి, మధ్యలో ఇద్దరికీ తెలిసినదేదీ లేకపోతే అక్కడ ఇంకో వాక్యం రాయాల్సి ఉంది.