మూడు సీటీల పప్పు

మా ఇంట్లో కుక్కర్ కూతకు రెండు పేర్లు. అమ్మ మరాఠీ ఆవిడ, ‘శిట్టీ’ అంటుంది. నాయనమ్మ ‘సీటీ’ అంటుంది. ఇక్కడ హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చాక మీ అందరి నోటా ‘విజిల్’ అని విన్నాను. మాది ముంబైలో కామాఠీపురా. ఆ పేరు చెప్పగానే కొందరి ముఖాలు మారుతాయి, నాకు అలవాటే. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వలస వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు, పేట పేరు వాళ్లదే. మా చాల్‌లో పొద్దున ఏడింటికి ఒక్కో గదిలో ఒక్కో కుక్కర్ కూస్తుంటే, ఏది మనదో పోల్చుకోవడం కూడా ఒక విద్యే.

నాయనమ్మ మూత పెట్టగానే వెయిట్ పెట్టదు. గొట్టంలోంచి ఆవిరి సన్నగా, ఆగకుండా వచ్చేదాకా చూస్తుంది. నేను తొందరపడితే, “జర ఆగు బిడ్డా, ఆవిరి రానియ్యి” అంటుంది. ఇదంతా పాతకాలపు చాదస్తం అనుకునేదాన్ని.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక రోజు అమ్మ డ్యూటీకి లేటయిపోతోంది. కందిపప్పుకు మూడో సీటీ అయింది. స్టవ్ ఆపేసి, కుక్కర్ చల్లారకముందే గరిటెతో వెయిట్ పైకి లేపాను. పసుపుపచ్చని నీళ్లు పిచికారీలా లేచాయి. గోడమీద మరక ఇంకా ఉంది, నా మణికట్టుమీద కూడా. మంట ఆపేశాక ఎందుకలా పొంగింది? ఈ ప్రశ్నే నాతో సైన్సు పుస్తకం తెరిపించింది.

మూతలేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తర్వాత మంట ఎంత పెంచినా నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి తప్ప వేడి పెరగదు. పప్పుకు అందేది ఆ 100 డిగ్రీలే. సముద్రం ఒడ్డునున్న ముంబైలో సంగతి ఇది. ఎత్తుమీదున్న హైదరాబాద్‌లో నీళ్లమీద గాలి బరువు కొంచెం తక్కువ, అందుకని దాదాపు 98 డిగ్రీలకే మరిగిపోతాయి.

కుక్కర్ చేసేది దీనికి తలకిందులు. నీళ్లమీద బరువు పెంచుతుంది. గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. దానిమీద 70 గ్రాముల వెయిట్ పెడితే, ఒక చదరపు సెంటీమీటరుకు కిలో బరువు లెక్కన నొక్కినట్టు. బయటి గాలి ఎలాగూ ఇంకో కిలో నొక్కుతోంది. ఆ రెట్టింపు ఒత్తిడి కింద నీళ్లు మరగాలంటే 120 డిగ్రీలు కావాలి. పది డిగ్రీలు పెరిగితే ఉడకడం సుమారు రెండింతలవుతుంది, ఇరవై పెరిగితే నాలుగింతలు. ముప్పావుగంట పప్పు పది పన్నెండు నిమిషాల్లో మెత్తబడేది అందుకే. ఒత్తిడి ఇంకా పెరగబోతే వెయిట్ లేచి ఆవిరిని వదిలేస్తుంది. అదే సీటీ. కాబట్టి సీటీ వచ్చాక మంట పెద్దది చేస్తే సీటీలు ఎక్కువవుతాయి, గ్యాస్ ఖర్చవుతుంది, పప్పుకు వేడి మాత్రం పెరగదు.

నేను వెయిట్ లేపినప్పుడు లోపలి నీళ్లు ఇంకా 100 డిగ్రీలకు చాలా పైనే ఉన్నాయి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. అప్పటిదాకా అణిగి ఉన్న నీళ్లన్నీ ఒకేసారి మరిగి, పప్పును వెంటేసుకుని గొట్టంలోంచి బయటపడ్డాయి.

ఇక నాయనమ్మ చాదస్తం. మూత పెట్టినప్పుడు పైన ఖాళీలో ఉండేది గాలి. వెయిట్ ముందే పెట్టేస్తే ఆ గాలి లోపలే చిక్కుకుంటుంది. తనను తోసేది గాలో ఆవిరో వెయిట్‌కు తెలియదు కదా, రెండూ కలిసి తోస్తే లేస్తుంది. లోపలి వేడి మాత్రం ఆవిరి వాటాను బట్టే ఉంటుంది. అంటే అప్పటి మొదటి సీటీ 120 డిగ్రీలకు ముందే వచ్చేస్తుంది. తర్వాతి సీటీలతో ఆ గాలి పోతుంది, పప్పు ఉడక్కుండా ఉండదు, కానీ “మూడు సీటీలు” అన్న లెక్క తప్పుతుంది. వెయిట్ మూతకే బిగించి వచ్చే కుక్కర్లకు ఈ ఎదురుచూపు కుదరదు, మా ఇంట్లోది విడిగా పెట్టేది.

ఇదంతా మొన్న ఫోన్లో నాయనమ్మకు చెప్పాను. ఆమె కారణం వేరేనట. గొట్టంలో పప్పుగింజ అడ్డం పడితే ఆవిరి బయటికి రాదు, అది తెలియక వెయిట్ పెడితే ప్రమాదం. అందుకే మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తుంది, ఆ తర్వాత ఆవిరి కోసం ఆగుతుంది. నేను గాలి సంగతి మళ్లీ మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపింది.

“గాలో గీలో నాకు తెల్వది బిడ్డా. తొవ్వ సాఫుగున్నదా లేదా, అది చూసుకో.”