సభ సమక్షంలో 30 రోజులు

2022 వర్షాకాలంలో రాయ్‌పూర్‌లో నలుగురు కలిస్తే హస్‌దేవ్ అడవి మాటే. బొగ్గు గనులు వద్దంటూ అక్కడి పల్లెల ఆదివాసులు అంతకు ముందు ఏడాది అక్టోబరులో దాదాపు 300 కిలోమీటర్లు నడిచి మా ఊరు వచ్చారు. జులై 26న ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఆ అడవిలోని గనుల కేటాయింపులు రద్దు చేయాలని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సాయంత్రం చాలామందిమి సంతోషించాం. అయితే తీర్మానం విన్నపం మాత్రమే. అడవి భూమిని గనికి ఇచ్చే పద్ధతిని మార్చిన అసలు కాగితం దానికి నాలుగు వారాల ముందే, జూన్ 28న, ఢిల్లీలో గెజిట్‌కెక్కింది. అదే అటవీ సంరక్షణ నిబంధనలు, 2022.

హస్‌దేవ్‌లోని పర్సా గనికి అనుమతులు అంతకు ముందే వచ్చాయి కాబట్టి ఈ నిబంధనలు దాని కోసం పుట్టినవి కావు. కానీ ముందుముందు వచ్చే ప్రతి గనికీ ఇవే దారి. పాత పద్ధతిలో ఆదివాసుల హక్కుల గుర్తింపు, గ్రామసభ సమ్మతి పూర్తయ్యాకే కేంద్రం తుది ఆమోదం ఇవ్వాలి. కొత్త పద్ధతిలో కేంద్రం ముందు ఆమోదిస్తుంది, హక్కుల సంగతి ఆ తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది. హక్కులేమీ తగ్గలేదని ప్రభుత్వం అంది. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ మాత్రం ఈ నిబంధనలను నిలిపివేయమని ఆ సెప్టెంబరులో లేఖ రాసింది. నా మటుకు నాకు కమిషన్ మాటే సబబు. ఆమోదం చేతికొచ్చాక అడిగే సమ్మతికి బలం ఎక్కడుంటుంది?

పార్లమెంటు ముందు పెట్టకుండా ఈ నిబంధనలు చెల్లుతాయా అని నాకు తెలిసిన పెద్ద వకీలుగారిని అడిగాను.

"పెట్టినా పెట్టకపోయినా జూన్ 28 నుంచే అమల్లో ఉందమ్మా. అటవీ సంరక్షణ చట్టంలో సెక్షన్ 4 చివరి వాక్యం దాకా చదువు," అన్నారాయన.

చదివాను. నిబంధనను ఉభయ సభల సమక్షంలో, సమావేశాలు జరిగే కాలంలో, మొత్తం 30 రోజులు ఉంచాలి. ఒక విడతలో 30 నిండకపోతే తర్వాతి విడతతో కలిపి లెక్కిస్తారు. అది నిండిన సమావేశాల తర్వాత వచ్చే సమావేశాలు ముగిసేలోగా రెండు సభలూ ఒప్పుకుంటే సవరించవచ్చు, రద్దు చేయవచ్చు. ఒక్క సభ అంటే చాలదు.

ఈ నిబంధనలను తొలిరోజే సభలో ఉంచారనుకుని క్యాలెండర్ ముందేసుకుని లెక్క కట్టాను. వర్షాకాల సమావేశాలు జులై 18న మొదలై ఆగస్టు 8న ముగిశాయి. సెలవులు కలుపుకున్నా 22 రోజులే. మిగతా ఎనిమిది రోజులు డిసెంబరు 7న మొదలైన శీతాకాల సమావేశాల్లో నిండాయి. ఆ తర్వాతివి బడ్జెట్ సమావేశాలు, అవి 2023 ఏప్రిల్ 6న ముగిశాయి. అంటే గెజిట్ నాటి నుంచి తొమ్మిది నెలలకు పైగా ఎంపీలకు గడువు ఉంది. ఆ తొమ్మిది నెలలూ నిబంధన అమల్లోనే ఉంది.

వకీలుగారు చదవమన్న చివరి వాక్యం ఇదీ: సభలు నిబంధనను రద్దు చేసినా, అప్పటికే దాని కింద జరిగినదాని చెల్లుబాటుకు భంగం లేదు. తొమ్మిదో నెలలో రద్దు చేస్తే మూడో నెలలో ఇచ్చిన అనుమతి అలాగే నిలుస్తుంది. నరికిన సాలవృక్షాన్ని ఏ తీర్మానం నిలబెడుతుంది? అసలు సభలో ఉంచడమే మరిచారనుకుందాం. అట్లాస్ సైకిల్ కేసులో 1979లో సుప్రీంకోర్టు, అంతమాత్రాన ఉత్తర్వు చెల్లకుండా పోదని తేల్చింది.

ఇక కమిటీ సంగతి. లోక్‌సభలో సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ 1953 నుంచి ఉంది, రాజ్యసభలో 1964 నుంచి. ఒక్కోదానిలో సభ్యులు పదిహేనుమంది. చట్టం ఇచ్చిన అధికారాన్ని నిబంధన దాటిందా, పన్ను వేస్తోందా, కోర్టు తలుపు మూస్తోందా, గెజిట్‌కో సభకో రావడంలో అకారణంగా ఆలస్యమైందా అని చూస్తుంది. విధానం మంచిదా చెడ్డదా అన్నది దాని పని కాదు, ఆపే అధికారం అసలే లేదు. చట్టం వచ్చిన ఆరు నెలల్లో నిబంధనలు రావాలన్నది దాని పట్టుదల. పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబరులో వస్తే, హోంశాఖ మళ్లీ మళ్లీ గడువు అడుగుతూ 2024 మార్చి 11న గానీ నిబంధనలు ఇవ్వలేదు.

కాబట్టి అడవి గురించి కమిటీకి రాసేవాళ్లు గోడు వెళ్లబోసుకుంటే పని జరగదని నాకు అర్థమైంది. అటవీ సంరక్షణ చట్టం ఇచ్చిన అధికారాన్ని ఈ నిబంధన ఎక్కడ దాటిందో, ఏ ఉపనిబంధనలో దాటిందో వేలుపెట్టి చూపాలి. అదీ గెజిట్ వచ్చిన వారంలోనే.

ఇప్పుడు సమావేశాలు మొదలైతే రోజూ కార్యక్రమ జాబితా తెరిచి, ప్రశ్నల కంటే ముందు "సభా సమక్షంలో ఉంచే పత్రాలు" చూస్తాను. మంత్రి పేరు, చట్టం సెక్షను, గెజిట్ నంబరు, అన్నీ ఒక్క పేరాలో ఉంటాయి. సభలో అది క్షణాల్లో అయిపోతుంది. ఆలస్యంగా ఉంచితే పక్కనే కారణాల ప్రకటన కూడా ఉండాలి.

ఆ 2022 నిబంధనలకు ఆయుష్షు ఎంతో లేదు. 2023 ఆగస్టులో అసలు చట్టమే మారింది, నవంబరు చివర్లో కొత్త నిబంధనలు వచ్చి డిసెంబరు 1 నుంచి అమలయ్యాయి. సభలు కూర్చున్నది డిసెంబరు 4న.